కరెంటు మంటకి పౌడర్ సిలిండరా, సీఓటూనా? ఏది మేలు?

పైడితల్లి జాతర దగ్గరపడి విజయనగరం షాపుల్లో సరుకు దిగుతుందంటే చాలు, వైరింగు చూడమని పిలిచిన ప్రతి యజమానీ చివర్లో ఒకే మాట అడుగుతాడు. "మేస్త్రీ, ఫైర్ సిలిండర్ ఒకటి పెట్టాలి. పౌడర్‌ది కొనమంటావా, గ్యాస్‌ది కొనమంటావా?" ఈమధ్య ఇళ్లవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నేను ఏం చెబుతానో, ఎందుకు చెబుతానో ఇక్కడ రాస్తున్నాను.

పౌడర్‌ది అంటే ఏబీసీ సిలిండర్. మీద చిన్న ముల్లు మీటరు ఉంటుంది. గ్యాస్‌ది అంటే సీఓటూ. దానికి మీటరు ఉండదు, చివర వెడల్పాటి నల్ల కొమ్ము ఉంటుంది. రెండూ కరెంటు మంట మీద కొట్టదగ్గవే, లేబుల్ మీద చెప్పిన దూరంలో నిలబడి కొడితే కరెంటు చేతిదాకా రాదు. అయితే ఈ రెంటిలో ఏది గెలుస్తుందో తేల్చేది సిలిండర్ కాదు. మంట దగ్గర కరెంటు ఇంకా ఉందా, పోయిందా అన్నదే తేలుస్తుంది.

ఎందుకంటే కరెంటు మంటలన్నీ షార్టు సర్క్యూటు వల్ల రావు. షార్టు అయితే తనంతట తానే కరెంటు తెంచే ఎంసీబీ స్విచ్ వెంటనే పడిపోతుంది. నేను విప్పి చూసిన కాలిన బోర్డుల్లో ఎక్కువ వాటికి కారణం లూజు కనెక్షనే. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది అనుకోండి. సాకెట్ వెనక స్క్రూ వదులై, ఆ జాయింటు దగ్గర అర ఓం అడ్డు పుట్టిందంటే, 7ని 7తో గుణించి సగం చేస్తే 24.5 వాట్లు. మొబైల్ రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ వేడి ఇంతే. ఆ వేడంతా గోరంత ఇత్తడి ముక్క మీద గంటల తరబడి కూర్చుంటుంది. లైన్లో పోయేది మాత్రం ఆ 7 ఆంపియర్లే కాబట్టి 16 ఆంపియర్ల ఎంసీబీకి తేడా ఏమీ తెలియదు, అది పడదు. ముందు చేపలు మాడిన వాసన వస్తుంది, ప్లేటు గోధుమ రంగుకి తిరుగుతుంది, సన్నగా జుయ్‌మని చప్పుడు వినిపిస్తుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ప్లాస్టిక్ అంటుకుంటుంది.

ఇలాంటి మంట మీద కరెంటు తీయకుండా ఏ సిలిండర్ కొట్టినా మంట చస్తుందేగానీ, ఆ వేడి ముక్క అలాగే ఉంటుంది. సీఓటూ గాలిని పక్కకి నెట్టి మంటను ఆపుతుంది. ఆ గ్యాస్ చెదిరిపోగానే గాలి తిరిగొస్తుంది, వేడి అక్కడే ఉంది, మళ్లీ అంటుకుంటుంది. పౌడర్ కొంచెం మెరుగు. వేడికి కరిగి కాలే వస్తువు మీద అట్టు కడుతుంది. కానీ అట్టు కింద స్పార్కు ఆగదు.

గత వేసవిలో ఒక బట్టల షాపులో జరిగినది చెబుతాను. వెనకగదిలో ఏసీ సాకెట్ అంటుకుంది. యజమాని చురుకైనవాడు. పరుగెత్తి మెయిన్ ఆపి, సీఓటూ తెచ్చి కొట్టాడు. మంట టక్కున పోయింది. హమ్మయ్య అనుకునేలోగా అదే బోర్డులోంచి చిటపటమని మళ్లీ లేచింది. ఈసారి పక్కనున్న చీరల కట్టల అట్టపెట్టెకి తగులుకుంది. సీఓటూలో గ్యాస్ అప్పటికే అయిపోయింది. పక్కషాపు కుర్రాడు పౌడర్ సిలిండర్ తెచ్చి ఆర్పాడు. నేను వెళ్లేసరికి ఆయన అడిగిన మొదటి మాట, "మెయిన్ ఆపీసినాను గదా మేస్త్రీ, మరేటి మళ్లీ అంటుకుంది?"

బోర్డు విప్పితే జవాబు దొరికింది. ఏసీ వైరు పోయే పైపులోంచే ట్యూబులైటుకి ఇన్వర్టర్ వైరు కూడా పోతోంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదకి మారింది. ఆ లైటు వైరులో 230 వోల్టులు అలాగే ఉన్నాయి. దాని తొడుగు ఏసీ సాకెట్ మంటకే కరిగిపోయింది. రెండో స్పార్కు అక్కడిది.

ఇది అందరూ గమనించాల్సిన సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకటి చూశాక నాకు తెలిసినవాళ్లలో చాలామంది ఇన్వర్టర్ పెట్టించుకున్నారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఒక్కటే ఆపితే సగం పనే అయినట్టు. ముందు మెయిన్, వెంటనే ఇన్వర్టర్ ముందుభాగంలో ఉండే స్విచ్ ఆపాలి. రెండూ ఆపాకే లైన్లో కరెంటు పోయినట్టు లెక్క. మంట ఇన్వర్టర్‌కీ బ్యాటరీకీ మధ్య లావు వైరు దగ్గరే అయితే ఈ రెండు స్విచ్‌లూ పనిచేయవు, ఎందుకంటే ఆ వైరుకి కరెంటు బ్యాటరీ నుంచే నేరుగా వస్తుంది. అందుకే బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు గానీ డీసీ ఎంసీబీ గానీ పెట్టమని నేను పోరుతుంటాను. మేడమీద సోలార్ ఉంటే దానికీ కరెంటు తెంచే ఐసోలేటర్ స్విచ్ విడిగా ఉంటుంది. అది ఆపినా పగటిపూట ప్యానెళ్ల నుంచి ఐసోలేటర్ దాకా వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది.

మన పాత బజారు షాపుల్లో మీటర్లు మెట్ల కింద ఉంటాయి, వాటి ముందు సరుకు పేర్చేస్తారు. పాత పెంకుటిళ్లలో మెయిన్ గుమ్మం మీద ఎత్తులో ఉండి స్టూలు వేస్తేగానీ అందదు. మీ ఇంట్లో చిన్నపిల్లలు కాక మిగతా అందరూ చీకట్లో కూడా మెయిన్‌కి చేరగలరా? లేకపోతే సిలిండర్ కంటే ముందు ఆ సరుకు తీయించండి. ఆపేటప్పుడు కాళ్లకి చెప్పులు, ఆరిన చేయి ఉండాలి. మెయినే కాలుతుంటే, లేదా మీటరు బోర్డు అంటుకుంటే దాన్ని ముట్టుకోవద్దు. ఆ వెనక ఉన్న సర్వీసు వైరుని ఆపే స్విచ్ మన చేతిలో లేదు. బయటికొచ్చేసి 101కి, ఈపీడీసీఎల్ వాళ్ల 1912కి ఫోన్ చేయాలి. స్తంభం మీద కరెంటు తీసే పని లైన్‌మ్యాన్‌దే. సర్వీసు వైరుని కర్రతో లాగడం, కొడవలితో నరకడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

ఇక నీళ్ల సంగతి. చేతికి ముందు దొరికేది బిందె. నీళ్లు వద్దని అందరికీ తెలుసు, అయినా కంగారులో పోసేస్తారు. మన బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి, కళింగపట్నం, భోగాపురం లాంటి తీరం వైపు ఉప్పదనం ఇంకా ఎక్కువ. లవణాలున్న నీరు కరెంటుకి దారి ఇస్తుంది. బిందెలోంచి తెగకుండా పోసిన ధార బోర్డుని తాకిందంటే, స్టీలు బిందె మీదుగా చేతికి, తడిసిన గచ్చు మీద ఉన్న ఒట్టి కాళ్లకి కరెంటు వచ్చేస్తుంది. పోసినవాడికే కాదు, ఆ తడిలో నిలబడ్డ పక్కవాడికీ ప్రమాదమే. అయితే నీళ్ల మీద ఒక న్యాయమైన మాట చెప్పాలి. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాక, మంట పరుపుకో తాటాకు కప్పుకో పాకి ఉంటే నీళ్లే మంచివి. పరుపు లోపల పొగ కక్కుతున్న నిప్పుని చల్లార్చేది నీళ్లే. పౌడర్ పైపైనే ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఇంటికైనా, బట్టల షాపుకైనా, కిరాణాకైనా నా ఓటు నాలుగు కిలోల ఏబీసీకే. మనింట్లో కరెంటుతో మొదలైన మంట కరెంటు దగ్గరే ఆగదు. కర్టెనుకి, అట్టపెట్టెకి, పరుపుకి పోతుంది. పాకిన ఆ మంటకి పౌడర్ పనికొస్తుంది, సీఓటూ నిలవదు. పైగా మనవి కిటికీలు తెరిచి, ఫ్యాన్లు తిరిగే ఇళ్లు. ఆ గాలికి గ్యాస్ నిమిషం నిలవదు. సీఓటూతో మంటకి ఒకటి రెండు మీటర్ల దాకా పోవాలి, పౌడర్ ఇంకా దూరం నుంచి కొట్టొచ్చు. బరువు కూడా చూడండి. నాలుగున్నర కిలోల సీఓటూ ఇనుప సిలిండర్‌తో కలిపి పదిహేను కిలోల దరిదాపు ఉంటుంది, పెద్దవయసు ఆడవాళ్లు ఎత్తలేరు.

పౌడర్‌కి దోషం లేదని కాదు. కొట్టాక గది నిండా పసుపు దుమ్ము, కళ్లు మంట, దగ్గు. ఆ పొడి మోనో అమోనియం ఫాస్ఫేట్, చెమ్మ తగిలితే రాగిని తినేస్తుంది. మన తీరపు గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పౌడర్ పడిన బోర్డుని తుడిచి మళ్లీ వాడకూడదు, మార్చాల్సిందే. అందుకే కంప్యూటర్ సెంటరు, జిరాక్స్ షాపు, స్కానింగ్ గది, పెద్ద ప్యానెల్ బోర్డు ఉన్న మిల్లు, వీటికి సీఓటూ ముందు ఉండాలి, ఎందుకంటే అది సామాను మీద ఏమీ వదలదు. దాని పక్కనే పౌడర్ ఒకటి ఉంటే మరీ మంచిది. సీఓటూ కొట్టేటప్పుడు కొమ్ముని చేత్తో పట్టుకోవద్దు, మంచుకంటే చల్లబడి చర్మం అంటుకుపోతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో కొట్టి అక్కడే నిలబడొద్దు, మనిషికీ గాలి ఉండదు.

కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. ఏబీసీలో సీ అంటే మనదేశంలో గ్యాస్ మంట, కరెంటు కాదు. కరెంటు మీద కొట్టొచ్చో లేదో, ఎంత వోల్టేజీ వరకో, ఎంత దూరం నుంచో లేబుల్ మీద విడిగా ఉంటుంది. అది చదివే కొనాలి.

మిగతావి రెండు ముక్కల్లో. పొడి ఇసుక బకెట్టు కింద పడిన నిప్పుకి పనికొస్తుంది, గోడమీద బోర్డుకి పనికిరాదు. తడి గోనె వద్దు. ఫోమ్ సిలిండర్‌లో ఉన్నది నీళ్లే కాబట్టి కరెంటుకి వద్దు. సామాను మీద ఏమీ వదలని క్లీన్ ఏజెంట్ గ్యాస్ సిలిండర్ మంచిదే, ధర ఎక్కువ.

కొట్టే పద్ధతి: బయటికి పోయే దారి వీపు వైపు ఉండేలా నిలబడి, పిన్ను లాగి, మంట మొదలు మీద అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. సిలిండర్ ఖాళీ కావడానికి నిమిషం కూడా పట్టదు. అది అయిపోయాక కూడా మంట ఉందంటే, లేదా పొగ మొహం ఎత్తుకి దిగిందంటే ఇక ఆర్పే ప్రయత్నం ఆపి తలుపు మూసి బయటికి రండి. వైర్ల పీవీసీ పొగ గొంతుని కొద్ది సేపట్లోనే మూసేస్తుంది.

తగిలించే చోటు గది గుమ్మం పక్కన, మెయిన్‌కి వెళ్లే దారిలో. బోర్డు కిందే తగిలిస్తే బోర్డు కాలినప్పుడు చేయి పెట్టలేరు. నెలకోసారి ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూడండి, పౌడర్ గడ్డకట్టకుండా ఒకసారి తలకిందులు చేసి ఊపండి. సీఓటూకి ముల్లు లేదు కనుక తూకం వేయించాలి. లోపలి గ్యాస్‌లో పదోవంతు పైగా తగ్గితే రీఫిల్ చేయించాలి.