అద్దె కథకు ఏ గడియారం: సందేశాల రూపమా, మాస్టారి వైపు కథనమా?

విజయనగరంలో నెలకోసారి కలుసుకుని ఒకరి కథలు ఒకరికి వినిపించుకునే చిన్న బృందం మాది. ఈమధ్య నేను చదివిన అద్దె కథ విన్నవారిలో నలుగురైదుగురు విడివిడిగా ఒకే ప్రశ్న వేశారు: జరిగిందంతా ఫోనులోనే జరిగినప్పుడు, కథను సందేశాలతోనే నడిపించకుండా మధ్యలో కథనం ఎందుకు? ఆ కథను నేను రెండు విధాలుగానూ రాసి, ఒకదాన్ని పక్కన పెట్టాను కనుక ఆ రెంటి తేడా ఇక్కడ వివరంగా చెబుతాను.

కథ చిన్నది. ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. మేడ మీది వాటాలో వృద్ధ దంపతులు ఉంటున్నారు, కానీ అద్దెకు తీసుకున్నది డల్లాస్‌లో ఉద్యోగం చేసే వారి అబ్బాయి. అద్దె 9,500 రూపాయలు, ప్రతి నెలా 5వ తేదీలోగా ఇవ్వాలని మాట. 2024 నవంబరు 5న ఉదయం 9 గంటలకు మాస్టారి ఫోనుకు సందేశం వచ్చింది: "మాస్టారూ, నమస్కారం. రేపు వేసేస్తానండి." అబ్బాయి అది పంపినప్పుడు అక్కడ ఇంకా 4వ తేదీ రాత్రి 9:30. అతని రేపు 5, మాస్టారి రేపు 6. మాస్టారు వెంటనే "గడువు ఈరోజే కదా బాబూ" అని పెట్టారు. అబ్బాయి అప్పటికే ఫోను పక్కన పెట్టి పడుకున్నాడు. తెల్లవారి లేచి చూస్తే అక్కడ 5వ తేదీ వచ్చేసింది కనుక ఆ "ఈరోజే" అతనికి సరిగ్గానే అనిపించింది. "అలాగేనండి" అని జవాబిచ్చాడు. అది మాస్టారికి సాయంత్రం 6 గంటలకు అందింది, ఆయన ఆ రాత్రి పదకొండు దాకా ఫోను చూస్తూ కూర్చున్నారు. డబ్బు మాత్రం డల్లాస్‌లో 5వ తేదీ రాత్రి 8 గంటలకు, అంటే మనకు 6వ తేదీ ఉదయం 7:30కి బయలుదేరింది.

సందేశాల రూపానికి ఉన్న బలాన్ని ముందే ఒప్పుకోవాలి. మర్యాద ఎలా కరిగిపోతుందో ఆ రూపంలో చూపించినంత శుభ్రంగా మరోచోట చూపించలేము. మొదటి సందేశంలో పిలుపు, నమస్కారం, "అండి" మూడూ ఉన్నాయి. రెండో దానిలో "అండి" ఒక్కటే మిగిలింది. మూడోది రసీదు బొమ్మతో పాటు "వేశాను, చూసుకోండి". "చూడండి" అని ఉంటే మాస్టారు నొచ్చుకునేవారు కారు. ఆ "కో" దగ్గర ఆయనకు మనసు చివుక్కుమంది. పనినుంచి అలసి వచ్చిన కుర్రాడు ఆలోచించకుండా కొట్టిన అక్షరమది. కథనంలో రచయిత దాన్ని వివరించబోతే వ్యాకరణ పాఠమైపోతుంది, సందేశంగా ఉంచితే పాఠకుడే పట్టుకుంటాడు.

అయినా ఆ రూపాన్ని నేను వదులుకోవడానికి కారణం గడియారం. ప్రతి సందేశం పక్కనా వేళ వేయాలి కదా, ఎవరి వేళ? ఫోను తానున్న చోటి వేళనే చూపిస్తుంది కనుక ఒకే సందేశం మాస్టారి ఫోనులో ఉదయం 9 గంటలది, అబ్బాయి ఫోనులో ముందురోజు రాత్రి 9:30ది. రెండూ వేస్తే పాఠకుడు మొదటి "రేపు" దగ్గరే లెక్క కట్టేస్తాడు. ఇక అపార్థం పాత్రలదే కానీ అతనిది కాదు, కథ హాస్యంలోకి జారుతుంది. వినిపించినప్పుడు మా బృందం నవ్వింది కూడా. నేను కోరుకున్నది నవ్వు కాదు. ఒక్కరి వేళే వేస్తే, పైకి ఎవరి పక్షమూ లేనట్టు కనిపించే రూపం నిజానికి ఒకరి ఫోనులోంచి చూసినట్టే అవుతుంది. అలాంటప్పుడు ఆ ఫోను పట్టుకున్న మనిషిని, ఆయన కూర్చున్న వీధి అరుగుని దాచిపెట్టడం ఎందుకు?

దీనికి తోడు, ఆ వారంలోనే అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్లాయి. నవంబరు మొదటి ఆదివారం, ఆ ఏడు 3వ తేదీ. అప్పటిదాకా పదిన్నర గంటలున్న తేడా పదకొండున్నర అయింది. మాస్టారు గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో "మనకు ఉదయం 7, వారికి రాత్రి 8:30" అని రాసుకున్న లెక్క తప్పిపోయినా ఆయనకు తెలియదు. సందేశాలు మాత్రమే ఉన్న కథలో ఆ పెన్సిలు రాతకు చోటే లేదు.

అంతకన్నా పెద్ద లోటు మౌనానిది. మాస్టారి మాటకూ అబ్బాయి "అలాగేనండి"కీ మధ్య సుమారు తొమ్మిది గంటలు ఉన్నాయి, తెర మీద మాత్రం ఆ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి అంటుకుని కనిపిస్తాయి. కథనంలో నేను ఆ ఎడాన్ని నింపగలిగాను. "చూసుకోండి" వచ్చిన 6వ తేదీన మాస్టారు పాసుపుస్తకం చొక్కా జేబులో పెట్టుకుని బ్యాంకుకు వెళతారు. విదేశం నుంచి పంపిన డబ్బు ఖాతాలో పడడానికి వ్యవధి పడుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముద్రణ యంత్రం పుస్తకాన్ని లోపలికి లాక్కుని, ఒక్క గీతైనా పెట్టకుండా వెనక్కి నెడుతుంది. ఆఖరి వరుస అక్టోబరుదే. వెనక నిలబడ్డ మనిషి "అయిపోయిందేటండి?" అని అడిగితే, ఆయన పుస్తకం మూసి పక్కకు తప్పుకుంటారు. మధ్యాహ్నం 12 గంటలకు "పడలేదు" అని సందేశం పెడతారు. డల్లాస్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటి 12:30. రెండు బూడిదరంగు టిక్కులు నీలంగా మారవు. ఇంటికొచ్చి, కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న అబ్బాయి తల్లిని "ఏటమ్మా, బాబు ఏటైనా చెప్పాడా?" అని అడుగుతారు. ఆవిడ బిందె సగంలోనే దించి మేడెక్కిపోతుంది. ఆ నెలంతా ఆవిడ మాస్టారి భార్యతో మాట్లాడకపోవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

ఈ పద్ధతికీ లోపం ఉంది. అబ్బాయికి అన్యాయం జరుగుతుంది: అతని అలసట, అతని 5వ తేదీ పాఠకుడికి చివరిదాకా కనిపించవు. దాన్ని సవరించడానికి తల్లి నోట ఒకే మాట పెట్టాను, "ఆడికి ఇప్పుడు రాత్రండి" అని. అంతకుమించి పెడితే మళ్లీ లెక్కల్లో పడతాము.

మిగిలిన మార్గాలకు ఎక్కువ మాటలు అక్కరలేదు. ఒక అధ్యాయం ఇక్కడ, ఒకటి డల్లాస్‌లో అని మార్చి మార్చి రాయడం నవలకు సరిపోతుంది, అయిదు పుటల కథకు బరువు. మాస్టారే "నేను" అని చెప్పుకునే పద్ధతిలో ఆయన ఫిర్యాదు తప్ప మరేమీ వినిపించదు. కథనం మధ్యలో ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు ఉంచడం మాత్రం మన ఊరికి కొత్త కాదు. గురజాడ 1910లోనే "దిద్దుబాటు"లో కమలిని ఉత్తరాన్ని భర్త చేత, అతని గదిలో, ఆ రాత్రి చదివించారు. ఉత్తరం ఎవరి చేతిలో ఉందో తెలుసు కనుకనే అది తగులుతుంది. నేను చివరికి చేసిందీ అదే: సందేశాలు మాటైనా మార్చకుండా ఉంచి, మాస్టారి చేతిలోని ఫోనులోనే, మాస్టారి వేళతోనే చూపించాను.

డబ్బు 6వ తేదీ సాయంత్రం 4 గంటలకు పడింది. బ్యాంకు సందేశంలో తేదీ 6, అబ్బాయి పంపిన రసీదులో తేదీ 5. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని రెంటినీ మార్చి మార్చి చూసి, అద్దె నోటుపుస్తకం తెరిచి, 9,500 వేసి, తేదీ గడి దగ్గర కలం ఆపుతారు. కథను అక్కడే ఆపాను. ఆయన 5 వేశారని మా బృందంలో ఇద్దరూ, 6 వేశారని మిగతావారూ ఇంకా వాదించుకుంటున్నారు.