బీపీ మాత్రలు వేసుకునే పెద్దవారికి లో సోడియం ఉప్పు కొనే ముందు ఒక హెచ్చరిక

మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆయన చాలా ఏళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు, కిడ్నీల పనితీరు కూడా కొంత తగ్గింది. ఉప్పు తగ్గించమని డాక్టరుగారు చెప్పడంతో, దుకాణంలో "బీపీ ఉన్నవాళ్లకు ఇదే మంచిది" అని చేతికందించిన, పైన "30 శాతం తక్కువ సోడియం" అని పెద్ద అక్షరాలతో ఉన్న ఉప్పు ప్యాకెట్టును మరో ఆలోచన లేకుండా కొన్నాను.

తగ్గించిన ఆ సోడియం స్థానంలో ఏం కలిపారో వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది: పొటాషియం క్లోరైడ్, 30 శాతం. ఆరోగ్యంగా ఉన్నవారి కిడ్నీలు అదనపు పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. కిడ్నీలు బలహీనపడినవారిలోనూ, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారిలోనూ అది రక్తంలో పేరుకుపోవచ్చు, మరీ పెరిగితే గుండె లయే తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇలాంటి ఉప్పును సాధారణంగా సిఫారసు చేస్తూనే, కిడ్నీ సమస్య ఉన్నవారిని ఆ సిఫారసు నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు ప్యాకెట్టు ముందువైపు ఎక్కడా కనబడదు.

పైగా ఈ ఉప్పు కాస్త చేదుగా, చప్పగా ఉంటుంది కనుక, నాన్నగారికి రోజుకు 5 గ్రాములు వాడే చోట మేము తెలియకుండానే 6 గ్రాములు వాడాము. లెక్క వేస్తే అందులో మామూలు ఉప్పు 4.2 గ్రాములు, అంటే తగ్గినది 30 శాతం కాదు, 16 శాతమే. దానికి బదులుగా రోజుకు సుమారు 0.9 గ్రాముల పొటాషియం అదనంగా ఒంట్లోకి చేరింది. ఇది చాలదన్నట్టు, "ఉప్పు తక్కువ" అని కొన్న సూప్ పొడిలోనూ అదే పదార్థం ఉందని తర్వాత చూశాను.

ఆరు వారాలకు మామూలుగా చేయించే రక్తపరీక్షలో, అంతకుముందు 4.6 ఉన్న పొటాషియం 5.9కి చేరింది, పైహద్దు దాదాపు 5. నాన్నగారికి కాళ్లు కొంచెం నీరసంగా ఉన్నాయి తప్ప వేరే ఇబ్బందేమీ లేదు. ఈ సమస్యలో చాలాసార్లు లక్షణాలే ఉండవు కనుక, మనిషిని చూసి కనిపెట్టగలమనుకోవద్దు. ఈసీజీ బాగానే ఉండడంతో డాక్టరుగారు ఆ ఉప్పును, సూప్ పొడిని ఆపించి, వారంలో మళ్లీ పరీక్ష చేయించారు. 4.9 వచ్చింది. మాత్రలు మాత్రం అలాగే కొనసాగించమన్నారు. వాటిని మీరూ సొంతంగా ఆపకండి.

అందుచేత "లో సోడియం", "లైట్", "ఉప్పు తక్కువ" అని ఉన్న ఏ ప్యాకెట్టునైనా తిప్పి, పదార్థాల జాబితాలో పొటాషియం క్లోరైడ్ ఉందేమో చూడండి. ఉంటే, కొనే ముందు మాత్రల చీటీతో పాటు ఆ ప్యాకెట్టు ఫోటోను కూడా డాక్టరుకు చూపించండి. మేమిప్పుడు మామూలు ఉప్పునే, నాన్నగారి రోజు మొత్తానికి అర టీస్పూను కొలిచి, చిన్న గిన్నెలో విడిగా పెడుతున్నాము.