‘ఇప్పుడే వద్దు’ అనాలా, ‘ఫలానా వరకు వద్దు’ అనాలా?

ఈ మధ్య వరసగా నలుగురు నన్ను ఒకే సంగతి అడిగారు. అత్తగారింటి నుంచి ‘విశేషం ఏమైనా ఉందా’ అని నెలనెలా ఫోన్లు వస్తున్నాయి. పిల్లలకు తానింకా సిద్ధంగా లేనన్న మాట మాత్రం భర్తకే సరిగ్గా చెప్పలేదు. ఎలా చెబితే మేలు? నేను రెండు విధాలా చెప్పి చూసినదాన్ని. మొదటిది బెడిసికొట్టింది కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది.

పెళ్ళయిన రెండో సంక్రాంతికి గోదావరి జిల్లాలోని అత్తగారింటికి వెళ్ళి హైదరాబాదుకు తిరిగి వస్తున్నాం. పండగ మూడు రోజుల్లో ఆ ప్రశ్న ఏడుసార్లు వినివున్నాను. రైల్లోనే అన్నాను: “నాకు ఇప్పుడే వద్దు. కొత్త ఉద్యోగం కదా.” ఆయన సరే అన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రెండు వారాలకు ఆ కారణానికి జవాబు తీసుకొచ్చారు. ప్రసవ తేదీకి ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలట, కొత్తగా చేరినవాళ్ళకైనా 26 వారాల జీతంతో సెలవు ఇవ్వాలట. నిజమే, చట్టం అలాగే ఉంది. బిడ్డను చూసుకోవడానికి అమ్మ వచ్చి ఉంటానంటోందన్నారు. అదీ నిజమే. కారణం చెప్పడంలో ఉన్న చిక్కు ఇదే. దాన్ని ఎదుటివాళ్ళు తీర్చడానికి పూనుకుంటారు, తీరిపోయాక ఇంక వద్దనడానికి మన దగ్గర ఏమీ మిగలదు. పైగా నేను చెప్పినది అసలు కారణం కాదు. మా అక్క కాన్పు, ఆ తర్వాత ఏడాది పాటు ఆమె పడిన అవస్థ దగ్గరుండి చూశాను. ఆ భయం ఇంకా వదల్లేదు. ఉద్యోగం పేరు చెప్పడం తేలికగా తోచి అది చెప్పాను.

అంతకంటే పెద్ద నష్టం ఫోనులో జరిగింది. వాళ్ళమ్మగారు అడిగినప్పుడల్లా ఈయన ‘చూద్దాంలే అమ్మా’ అనేవారు. పెళ్ళయిన రెండేళ్ళ తర్వాత మన ఇళ్ళలో ‘చూద్దాం’ అంటే ‘ప్రయత్నిస్తున్నారు, నిలవడం లేదు’ అని అర్థం. లోపం ఎవరిదనుకుంటారో చెప్పనక్కర్లేదు. నెల తిరక్కుండానే మా అత్తయ్యగారు రాజమండ్రిలో హస్తవాసి మంచిదని పేరున్న డాక్టరమ్మ గురించి చెప్పారు. ఆడపడుచు థైరాయిడ్ పరీక్ష చేయించుకోమంది. నాకు కోపం వచ్చింది కానీ, ఆలోచిస్తే ఆయన తప్పేమీ లేదు. తల్లికి చెప్పడానికి గట్టి మాట ఒక్కటైనా నేను ఆయన చేతికి ఇవ్వలేదు.

రెండోసారి తీరు మార్చాను. ఊరి ఫోను వచ్చిన రాత్రి కాకుండా, దగ్గర్లో పండగ ప్రయాణం లేని ఒక ఆదివారం ఉదయం కూర్చోబెట్టి చెప్పాను. “అక్కను చూసినప్పటి నుంచి నాకు భయంగా ఉంది. ఉద్యోగం సాకు. వచ్చే ఉగాది దాకా ఈ మాట వద్దు. ఉగాది వెళ్ళాక మొదటి ఆదివారం మళ్ళీ ఇలాగే కూర్చుందాం. అప్పటికీ వద్దనిపిస్తే అది కూడా అప్పుడే చెబుతాను.” ఆయన కాసేపు కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చుని అడిగారు: “అంటే, అసలే వద్దని కాదు కదా?”

నాలుగు నెలలుగా ఆ ప్రశ్న ఆయన లోపల ఉంది. ‘ఇప్పుడే వద్దు’ అన్న మాటకు అవతలి అంచు కనబడదు. వినేవాళ్ళు దాన్ని ‘ఎప్పటికీ వద్దు’ దాకా సాగదీసుకుని లోలోపల కుమిలిపోగలరు. గడువు పెట్టినప్పుడు ఆ భయానికి చోటుండదు. నా దృష్టిలో ఈ ఒక్క తేడాతోనే మొగ్గు తేలిపోతుంది. అయితే అది బిడ్డను కంటానని ఇచ్చే మాట కాదు, మళ్ళీ మాట్లాడుకునే రోజు మాత్రమే. ఈ తేడాను నోరు విప్పి చెప్పాలి. ఇక, పిల్లలు అసలు కావాలో వద్దో మీకే తెలియకపోతే గడువు పెట్టడం మోసమవుతుంది. అప్పుడు చెప్పవలసినది ‘నాకు తెలియడం లేదు’ అన్న మాటే.

గడువు ఎంతన్నది వయసును బట్టి ఉంటుంది. అప్పుడు నాకు 28, ఏడాది ఆగడం పెద్ద విషయం కాదు. 35 దాటాక గర్భం నిలిచే అవకాశం వేగంగా తగ్గుతుంది కాబట్టి 33, 34 ఏళ్ళవాళ్ళు రెండేళ్ళ గడువు పెట్టే ముందు డాక్టరును కలవడం మంచిది. గర్భం రాకుండా వాడే పద్ధతి కూడా గడువుకు సరిపడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే అంతర ఇంజెక్షను మూడు నెలలకొకటి. అది మంచిదే కానీ, చివరి డోసు తర్వాత మళ్ళీ గర్భం రావడానికి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. ఏడాది గడువు పెట్టుకున్నవాళ్ళు ఆ లెక్క చూసుకోకపోతే, గడువు తీరాక మరో ఏడాది అత్తగారి ప్రశ్నలు వినాలి. కాపర్ టీ తీయించేస్తే అలాంటి ఆలస్యం ఉండదు.

ఇంట్లోవాళ్ళకు ఎవరు చెప్పాలి? ఆయనే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అదే మాట కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు, కొడుకు చెబితే నిర్ణయం చెప్పినట్టు వినబడుతుంది. న్యాయం కాదు, కానీ ఉన్నది అదే. ‘తనకు ఇష్టం లేదు’ అనకూడదు, ‘మేమే ఆగాం’ అనాలి. ఆ ‘మేమే’తో లోపం ఉందన్న అనుమానమూ పోతుంది, కోడలి మీద పడే నింద కూడా సగమవుతుంది. గడువు తేదీ మాత్రం వాళ్ళకు చెప్పవద్దు. చెబితే ఉగాది పచ్చడి తిన్న మర్నాటి నుంచే ‘నెల తప్పిందా’ అని మొదలుపెడతారు. ఏ లోపమూ లేని జంటకైనా గర్భం నిలవడానికి ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాదంతా కాపలా ఎవరు భరిస్తారు?

భర్తకు తెలియకుండా మాత్రలు మింగే దారి కూడా ఉందని ఒకామె అన్నారు. బయటపడిన రోజు పిల్లల సంగతి అటుంచి కాపురమే చర్చకు వస్తుంది. అనారోగ్యం వంక చెప్పడం ఇంకో దారి. దాన్ని నయం చేయించడానికి బంధువులంతా బయల్దేరతారు.

మా ఇంట్లో ఆయన ఫోను చేసి “మేమే ఆగాం అమ్మా, డాక్టర్లతో పని లేదు” అన్నారు. అత్తయ్యగారు రెండు వారాలు ముభావంగా ఉన్నారు. ఆ ఏడు నాగుల చవితికి ఊరు వెళ్ళాం. పుట్ట దగ్గర నా చేత పాలు పోయిస్తుంటే పక్కింటి పిన్నిగారు రానే వచ్చి, ‘ఇంకా ఏమీ లేదా’ అని నన్నే చూస్తూ అడిగారు. అత్తయ్యగారు చిమ్మిలి ఉండ ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, నా వైపు చూడకుండానే, “వాళ్ళే ఆగారులే” అన్నారు.