పియర్సింగ్ లైన్, డార్క్ క్లౌడ్ కవర్: ఆ సగం గీతను ఎక్కడ, ఎలా కొలవాలి

పర్లాకిమిడిలో కొట్టు నడుపుకుంటూ ఏళ్ల తరబడి డైలీ చార్టులో వాడుతున్న రెండు ప్యాటర్న్‌లివి. పడుతున్న ధర పైకి తిరుగుతుందనే గుర్తు పియర్సింగ్ లైన్, పెరుగుతున్న ధర కిందికి తిరుగుతుందనే గుర్తు డార్క్ క్లౌడ్ కవర్. వాటిలో నేను నిజంగా నమ్మేది ఒక్క కొలతనే: రెండో క్యాండిల్ మొదటిదాని బాడీలోకి ఎంత లోతుగా వెళ్లి ముగిసింది?

లెక్క ఇది. O1, C1 మొదటి క్యాండిల్ ఓపెన్, క్లోజ్. C2 రెండోదాని క్లోజ్.

```
(C2 - C1) / (O1 - C1) * 100
```

డార్క్ క్లౌడ్‌కీ ఇదే సూత్రం సరిపోతుంది. కొలిచేది బాడీనే, విక్‌లు లెక్కలోకి రావు.

పడుతున్న షేరు ఒకటి 420 దగ్గర ఓపెనై 400 దగ్గర ముగిసిందనుకోండి, ఆ రోజు కనిష్ఠ ధర 396. బాడీ 20 రూపాయలు, సగం గీత 410. మర్నాడు 393 దగ్గర ఓపెనై 413 దగ్గర ముగిస్తే లోతు 65 శాతం. అది పియర్సింగ్ లైన్. 408 దగ్గరే ఆగితే 40 శాతం. దాన్ని థ్రస్టింగ్ అంటారు, పడటం ఇంకా ఆగలేదనే చదువుతారు. 420 కూడా దాటితే అది ఎన్‌గల్ఫింగ్. పియర్సింగ్‌లో సగం దాటకపోతే నేను అసలు ఒప్పుకోను. డార్క్ క్లౌడ్ విషయంలో పాతవాళ్లే కాస్త పట్టువిడుపు చూపిస్తారు. ప్యాటర్న్‌లు గుర్తించే సాఫ్ట్‌వేర్ TA-Lib‌లో కూడా CDLDARKCLOUDCOVERకి లోతు మార్చుకునే వీలుంది (మార్చకపోతే 0.5), CDLPIERCINGకి లేదు.

ఎక్కువమంది పట్టించుకోనిది క్లోజ్ ధర. ఎన్‌ఎస్‌ఈలో క్లోజ్ అంటే 3:30కి జరిగిన చివరి ట్రేడు కాదు, చివరి అరగంట ట్రేడుల సగటు, పరిమాణాన్ని బట్టి వేసినది. మా బావమరిది ఒకసారి మూడున్నరకి ఫోన్ చేసి, "బావా, 411.20 దగ్గర ఆగింది, సగం దాటేసింది కదా!" అన్నాడు. పై అంకెలే అనుకుంటే అది 56 శాతం. సాయంత్రం వచ్చిన అసలు క్లోజ్ 408.90, అంటే 44.5 శాతం. ఆఖరి నిమిషాల్లో ఎగబాకిన ధర సగటులో కలిసి తగ్గిపోతుంది. అందుకే సగం గీతకు దగ్గరగా ఉన్నవాటిపై నిర్ణయం సాయంత్రం క్లోజ్ చూశాకే తీసుకోమంటాను, ఆ టెన్షన్ మూడున్నరకి పెట్టుకోవద్దంటాను.

మొదటి బాడీ చిన్నదైతే ఈ శాతానికి విలువ లేదు. 3 రూపాయల బాడీలో రెండు రూపాయలు పెరిగినా 67 శాతం చూపిస్తుంది. ముందు రోజుల బాడీల కంటే మొదటిది స్పష్టంగా పెద్దదై ఉండాలి.

లోతు ఎక్కువైతే గుర్తు బలంగా ఉంటుంది, నిజమే. కానీ స్టాప్‌లాస్ రెండో క్యాండిల్ కనిష్ఠ ధరకు కింద పెడతాం కదా. ఆ కనిష్ఠ ధర 391 అనుకుంటే 413 దగ్గర కొన్నవారికి 22 రూపాయల రిస్కు, 418 దగ్గర కొన్నవారికి 27. లోతు 90 శాతం ఉన్నప్పుడు నేను షేర్ల సంఖ్య తగ్గించి కొంటాను. లేకపోతే ధర వెనక్కి 410 దాకా వస్తుందేమోనని చూస్తాను, రాకపోతే వదిలేస్తాను.