మూడేళ్లుగా వాడుతున్న ప్రోగ్రెసివ్ అద్దాలు: ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా

ప్రోగ్రెసివ్ అద్దాల్లో పైభాగం దూరానికి, కిందిభాగం చదవడానికి అన్నది వాడేవారందరికీ తెలుసు కాబట్టి ఆ వివరాల జోలికి వెళ్లను. నాకు ఒకే కంపెనీవి, ఒకే రకం, ఒకే పవర్ ఉన్న ఖరీదైన అద్దాలను ఒకే ఫ్రేమ్‌లో రెండుసార్లు చేసి ఇచ్చారు. మొదటి జతతో నాలుగు నెలలు అవస్థపడ్డాను, రెండవ జతను మూడేళ్లుగా రోజంతా పెట్టుకుంటున్నాను. ఈ రెండింటికీ మధ్య మారినవి కొలతలు మాత్రమే.

మొదటి జతతో చదవాలంటే గడ్డం పైకెత్తి, పుస్తకాన్ని కుడిపక్కకు జరిపి పట్టుకోవలసి వచ్చేది. సాయంత్రానికి మెడ పట్టేసేది. కొన్నచోట అడిగినప్పుడల్లా అలవాటు పడాలన్నారు తప్ప, ఒక్కసారి కూడా మళ్లీ కొలిచి చూడలేదు. చివరికి వేరొక ఆప్టీషియన్ దగ్గరకు వెళ్లాను. ఆయన ముందు నా చేతికి ఒక పుస్తకం ఇచ్చి, నేను ఎలా పట్టుకుంటున్నానో గమనించారు. తరువాత అద్దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి, దాని మీద 34 మిల్లీమీటర్ల ఎడంలో చెక్కి ఉన్న రెండు సన్నని గుర్తులను వెతికి పట్టుకుని, వాటి మీద సిరాచుక్కలు పెట్టారు. కంపెనీ పటం మీద ఆ చుక్కలను ఆనించి, కంటిపాప ఎదురుగా ఉండవలసిన చోట ప్లస్ గుర్తు గీసి, కళ్లద్దాలు మళ్లీ నాకు పెట్టారు.

"ఈ గుర్తు మీ కంటిపాప మీద లేదండీ. రెండు కళ్లకూ కుడివైపుకు జరిగి ఉంది, కిందికి కూడా ఉంది," అన్నారు.

"పాత చీటీలో పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, 63 అని ఉంది. అది తప్పా?"

"మొత్తం సరిగ్గానే ఉంది. దాన్ని సగం చేసి ఒక్కో కంటికి 31.5 వేశారు. ముక్కు మధ్య నుంచి విడివిడిగా కొలిస్తే మీ కుడికన్నుకు 30, ఎడమకన్నుకు 33 వస్తోంది. ఒక్క దూరానికే వాడే తక్కువ పవర్ అద్దాలైతే ఈ ఒకటిన్నర మిల్లీమీటర్లు మీకు తెలిసేవే కావు. ఇందులో దూరం నుంచి దగ్గరికి చూపు దిగే దారి సన్నగా ఉంటుంది, దానికి రెండు పక్కలా మసక ఉంటుంది. ఆ దారి కుడికి జరిగింది కాబట్టే పుస్తకాన్నీ మీరు కుడికి జరుపుతున్నారు."

"మరి గడ్డం ఎత్తడం?"

"అది ఎత్తు కొలతలో తేడా. ఫ్రేమ్‌ను ముక్కు మీద సరిగా కూర్చోబెట్టకముందే కొలిచినట్టుంది. కంటిపాప నుంచి ఫ్రేమ్ కింది అంచు దాకా 18 అని రాశారు. ఇప్పుడు జారి కూర్చున్నచోట చూస్తే 21 ఉంది. చదివే భాగం మీకు 3 మిల్లీమీటర్లు కిందికి వెళ్లిపోయింది."

అప్పటికప్పుడే ఆయన నోస్ ప్యాడ్లను కొద్దిగా దగ్గరకు నొక్కారు. ఫ్రేమ్ 2 మిల్లీమీటర్లు పైకి వచ్చింది, గడ్డం ఎత్తవలసిన అవసరం చాలావరకు తగ్గిపోయింది. నాలుగు నెలల బాధలో సగం ఒక్క నిమిషంలో తీరడం చూసి సంతోషం కన్నా ముందు దుఃఖం వచ్చింది. పక్కకు జరిగినదాన్ని మాత్రం ఫ్రేమ్‌తో సరిచేయలేమని, అద్దాలు మళ్లీ చేయించవలసిందేనని చెప్పారు.

"ఇంత ఖరీదైన అద్దాలు ఈ మాత్రం తేడాను సర్దుకోలేవా?" అని అడిగాను.

"ఫ్రేమ్ ఎంత వంగి ఉంది, అద్దం కంటికి ఎంత దూరంలో ఉంది అన్నవి చూసి మీ ఒక్కరి కోసం లెక్కగట్టే రకం ఇది. మీ ఆర్డరులో ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా వదిలేస్తే ల్యాబ్‌వాళ్లు సగటు అంకెలు వేసుకుంటారు. అదనంగా కట్టిన డబ్బు దేనికో, అదే మీకు అందలేదు."

రెండవ జతకు ఆయన ముందు ఫ్రేమ్‌ను పూర్తిగా సరిచేసి, నన్ను కొంచెం నడిపించి, మామూలుగా నిలబడమని, తన కళ్లను నా కళ్ల ఎత్తుకు తెచ్చుకుని నమూనా అద్దాల మీద చుక్కలు పెట్టారు. అదే పనిని మరోసారి చేసి, రెండుసార్లూ 19 వచ్చాకనే రాసుకున్నారు.

ఆ జత వచ్చిన కొత్తలో పక్కల మసక అసలు లేదని అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. మెట్లు దిగేటప్పుడు తల వంచే చూస్తాను, పెద్ద తెర ముందు తల తిప్పవలసి వస్తుంది. మసక తగ్గిందే కానీ పోలేదు. ఫ్రేమ్ కాస్త జారినా పాత గడ్డం ఎత్తే అలవాటు తిరిగి వస్తుంది కాబట్టి, కొన్ని నెలలకొకసారి ప్యాడ్లు సరిచేయించుకుంటాను.

నా ముక్కుకు రెండు కళ్లూ సమాన దూరంలో లేవు, చదవడానికి అదనపు పవర్ 2.00 ఉంది. కళ్లు సమానంగా ఉండి అదనపు పవర్ తక్కువ ఉన్నవారికి సగం చేసిన పీడీతోనే ఇబ్బంది లేకపోవచ్చు, ఇంత ఖరీదైన రకం అక్కరలేకనూ పోవచ్చు. నేను మాత్రం ఆ కొలతల చీటీని దాచుకున్నాను. వచ్చే జతకు 30, 33 పనికివస్తాయి. ఫ్రేమ్ మారితే 19 మాత్రం చెల్లదు, దాన్ని మళ్లీ కొలిపించుకోవాలి.