‘నేరుగా ఫ్రెంచి నుంచి’ అని అట్ట మీద ఉంటే నమ్మకండి

ఫోన్ పెట్టేసి గంటయింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ స్టాలు ఎవరిదో మీకు తెలుసు కాబట్టి పేరు రాయను. ప్రతి పుస్తక ప్రదర్శనలోనూ గేటు దాటగానే కనిపిస్తారు. ఫ్రెంచి రచయిత కామూ నవల ‘లెట్రాంజే’ తెలుగులో వచ్చిందని వినగానే పరిగెత్తాను. అట్ట వెనక ‘నేరుగా ఫ్రెంచి మూలం నుంచి’ అని పెద్దక్షరాల్లో ఉంది. రెండు కాపీలు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి మా బావకి. ఏడు వందలు. లోపల ఒక్క పేజీ తిప్పి చూడలేదు. రెండేళ్ళు ఫ్రెంచి క్లాసులకి వెళ్ళినదాన్ని, మూలం ఇంట్లో పెట్టుకున్నదాన్ని, అట్ట చూసి పడిపోయాను. నాకు బుద్ధుండాలి.

ఇంటికొచ్చి తెరిస్తే మొదటి వాక్యం ఇది: ‘నేడు నా మాతృమూర్తి ఈ లోకాన్ని విడిచి వెళ్ళిపోయింది.’

1942లో కామూ రాసింది ఫ్రెంచిలో నాలుగే మాటలు. తెలుగులో మూడు చాలు. ఇవాళ, అమ్మ, చనిపోయింది, అంతే. ఆ అమ్మ కూడా ఫ్రెంచిలో ‘మమాఁ’. చిన్నపిల్లలు పిలిచే మాట, పెద్దయ్యాక కూడా ఇంట్లో అనే మాట. దాని వెంటనే వృద్ధాశ్రమం నుంచి వచ్చిన టెలిగ్రాం ఉంటుంది. అందులో ‘మమాఁ’ కాదు, ‘మేర్’. అంటే తల్లి. తల్లి మరణించారు, రేపు ఖననం, భవదీయులు. కొడుకు నోట్లో అమ్మ, ఆఫీసు కాగితంలో తల్లి. ఆ రెండు మాటల మధ్య దూరంలోనే ఆ మనిషి గొంతు మనకి వినిపిస్తుంది.

ఇంగ్లీషులోకి అనువదించినవాళ్ళు దీని మీద ఎంత కష్టపడ్డారో. 1946లో స్టూవర్ట్ గిల్బర్ట్ రెండు చోట్లా ‘మదర్’ అనేశాడు. దాంతో కథ చెప్పే మెర్సో మొదటి మాటతోనే రాయిలాంటి వాడుగా కనిపిస్తాడు. 1988లో మాథ్యూ వార్డ్ ఆ మాటని మార్చకుండా ‘మమాఁ’ అనే ఉంచేశాడు. తెలుగులో ఆ తంటా ఏముంది? అమ్మ ఉంది, తల్లి ఉంది, చనిపోయింది ఉంది, మరణించారు ఉంది. పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు అన్నీ ఉన్నాయి. మన అనువాదకుడు అవన్నీ వదిలేసి, కొడుకుకీ టెలిగ్రాంకీ ఒకటే మాతృమూర్తిని అంటగట్టాడు!

ఇది ఒక్క మాట గొడవ అనుకోకండి. మెర్సో ఒక అరబ్బుని కాల్చి చంపుతాడు. కోర్టులో మాత్రం ఆ హత్య కంటే అమ్మ అంత్యక్రియల మీదే ఎక్కువ విచారణ. ఏడవలేదు, శవం దగ్గర కూర్చుని సిగరెట్ కాల్చాడు, పాలు కలిపిన కాఫీ తాగాడు అని ప్రాసిక్యూటర్ మండిపడతాడు. మొదటి వాక్యంలోనే మాతృమూర్తి అంటూ కన్నీళ్ళు కార్చిన మనిషి మీద ఆ అభియోగం ఎలా నిలుస్తుంది? మా బావ సగం చదివి ఫోన్ చేశాడు. “మీ వాడు ఉత్త నాటకాలరాయుడే, అమ్మ అంటే అంత భక్తి ఉన్నవాడు కాఫీ తాగుతూ కూర్చుంటాడా?” అన్నాడు. పాపం బావ తప్పేం లేదు. ఆయన చదివింది వేరే నవల.

ఇంకోటి. మెర్సోకి ఒక ఊతపదం లాంటిది ఉంది. స్నేహంగా ఉంటావా అని పక్కింటి రేమోఁ అడిగితే, పారిస్‌లో ఉద్యోగం చేస్తావా అని యజమాని అడిగితే, పెళ్ళి చేసుకుంటావా అని మారీ అడిగితే, అందరికీ ఒకటే జవాబు. మన మాటలో ‘నాకెలాగైనా ఒకటే’. అదే మాట మళ్ళీ మళ్ళీ వినపడుతుంటే మనకి ఒళ్ళు జలదరించాలి. ఈ పుస్తకంలో ఒకచోట ‘అభ్యంతరం లేదు’, ఇంకోచోట ‘నిర్లిప్తంగా తలూపాను’, పెళ్ళి దగ్గర ‘నీ ఇష్టమే నా ఇష్టం’! మారీకి సినిమా హీరో దొరికాడు. పొట్టి పొట్టి వాక్యాలన్నిటినీ ‘అందువలన’, ‘అయినప్పటికీ’ అని కుట్టేసి పేరాలు చేశాడు. ఫ్రెంచిలో నవలలకని ఒక రాత భూతకాలం ఉంటుంది. కామూ దాన్ని పక్కన పెట్టి జనం మాట్లాడే భూతకాలంలో కథ చెప్పించాడు. మనకి గ్రాంథికం, వాడుక భాష గొడవ తెలుసు కదా, అలాంటి ఎంపిక అది. దాన్ని తీసుకొచ్చి మళ్ళీ గ్రాంథికం గుమ్మంలో కూర్చోబెట్టాడు.

సరే, అసలు దొంగతనం దొరికిన చోటు చెప్తాను. రేమోఁ ఒక అమ్మాయిని ఏడిపించడానికి మెర్సో చేత ఉత్తరం రాయించుకుంటాడు. అది విని మురిసిపోయి ‘వూ’ నుంచి ‘తు’లోకి దిగుతాడు, అంటే మీరు నుంచి నువ్వులోకి. ‘నన్ను నువ్వు అంటున్నాడని ముందు గమనించలేదు’ అంటాడు మెర్సో. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క ‘యూ’ కాబట్టి వార్డ్ వేరే దారి వెతుక్కున్నాడు. నన్ను ‘మస్యూ’, అంటే అయ్యా, అనడం మానేశాడు అని రాశాడు. అది ఇంగ్లీషు పడే అవస్థ, మనది కాదు. మన పుస్తకంలో ఏముందో చూడండి: ‘అతడు నన్ను మాన్సియర్ అని సంబోధించుట మానివేశాడు.’ వార్డ్ వాక్యమే, మస్యూ కాస్తా మాన్సియర్ అయింది. పైగా రేమోఁ ముందు పేజీల నుంచీ నువ్వు అనే పిలుస్తున్నాడు. నేరుగా ఫ్రెంచి నుంచి అట! మెర్సో పేరు ‘మెర్సాల్ట్’ అని ఉన్నప్పుడే నాకు తెలియాల్సింది.

ఆ స్టాలాయనకి ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను, “ఇది ఇంగ్లీషు నుంచి చేసిందేమో అనిపిస్తోందండీ, అట్ట మీద ఫ్రెంచి అని వేశారు, ఒకసారి చూస్తారా” అని. మొదట ఆయన కూడా “చెప్పండి మేడమ్, మీరు ఏ ఎడిషన్ కొన్నారు” అని బాగానే మాట్లాడాడు. మీరు, నువ్వు పేజీ గురించి చెప్పగానే గొంతు మారింది. “చూడమ్మా, నీకు కథ అర్థమైందా లేదా? మీరు అంటే ఏంటి, నువ్వు అంటే ఏంటి, చచ్చేవాడు చచ్చాడు కదా. నీలాంటి వాళ్ళు పది మంది ఉంటే తెలుగులో ఒక్క పుస్తకం రాదు.” ఫోన్ కట్.

మీరు, నువ్వు తేడా ఏంటని అడుగుతూనే నా మీద నువ్వులోకి దిగాడు. రేమోఁ కనీసం స్నేహంతో దిగాడు. ఆ సమయానికి నోరు పెగల్లేదు, అదే నా ఏడుపు. ఇప్పుడు మాత్రం వంద జవాబులు తడుతున్నాయి.

కొనేవాళ్ళు లోపలి పేజీలో ఏ భాష నుంచి, ఎవరి ప్రతి నుంచి చేశారో రాశారా చూడండి. ఇంగ్లీషు నుంచి చేయడం తప్పేం కాదు, మనకొచ్చే సగం అలా వచ్చేవే, కానీ ఆ మాట చెప్పాలి. ఈ నవలే అయితే టెలిగ్రాం పేజీ, ఉత్తరం పేజీ స్టాలులోనే నిలబడి చదవండి, రెండు నిమిషాలు. బిల్లు దాచుకున్నా లాభం లేదు, వాపసు తీసుకోరట.