పెల్టియర్ ప్లేటు: పన్నెండు వోల్టులూ ఇవ్వాలా, కరెంటు తగ్గించాలా, రెండు ప్లేట్లు పెట్టాలా?

జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే కోనసీమ లంకల్లో కరెంటు పోయి రోజుల తరబడి రాకపోవచ్చు. మే నెల గాలిదుమారాలకు తీగలు తెగినా అదే బాధ. ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్లున్న ఇంట్లో అప్పుడు ఫ్రిజ్ అక్కరకు రాదు. వాడుకలో ఉన్న ఇన్సులిన్ సీసాను 20 డిగ్రీల దగ్గర ఉంచేందుకు థర్మోకోల్ పెట్టె, కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే పెల్టియర్ ప్లేటు, సోలార్ బ్యాటరీ చాలు. మూత తీయని సీసాలకు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. వాటికి ఈ పెట్టె పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి.

ఇక్కడ పోల్చేది మూడు పద్ధతులను. ఒక ప్లేటును 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపి, థర్మోస్టాట్‌తో ఆన్, ఆఫ్ చేయడం మొదటిది. అదే ప్లేటుకు వోల్టేజీని తగ్గించి ఇచ్చే బక్ కన్వర్టర్‌తో తక్కువ కరెంటును ఆగకుండా ఇవ్వడం రెండోది. రెండు ప్లేట్లను సిరీస్‌లో కలిపి 12 వోల్టులు ఇవ్వడం మూడోది. మా ఊళ్లో వైరింగ్ పనులు చేసే కుర్రాడి ఓటు మొదటిదానికే. "బ్యాటరీ పన్నెండే, ప్లేటూ పన్నెండే. నేరుగా కలిపేస్తే పోలా అన్నయ్యా?" అన్నాడు. చాలామంది చేసేదీ అదే. ప్లేటు లోపల జరిగే జమాఖర్చు చూస్తే తేడా తెలుస్తుంది.

ప్లేటులో కరెంటు పారితే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. చల్లని వైపు నుంచి వేడిని లాగి వేడి వైపుకు తోయడం మొదటిది. ఇది కరెంటుకు నేరుగా అనుపాతంలో ఉంటుంది. రెండోది ప్లేటు సొంత రెసిస్టెన్సులో పుట్టే జౌల్ వేడి. ఇది కరెంటు వర్గంతో పెరుగుతుంది, అందులో సగం చల్లని వైపుకే వచ్చి పడుతుంది. మూడోది రెండు వైపుల మధ్య ఉష్ణోగ్రత తేడా వల్ల వేడి వెనక్కి కారిపోవడం. కరెంటు ఆపేసినా ఇది ఆగదు.

```
Qc = α·I·Tc − ½·I²·R − K·ΔT
P  = α·I·ΔT + I²·R
Qh = Qc + P
```

Qc అంటే పెట్టెలోంచి తీసే వేడి, P అంటే ప్లేటు తినే పవరు, Qh అంటే వేడి వైపు నుంచి బయటికి పంపాల్సిన మొత్తం, మూడూ వాట్లలో. I అంటే కరెంటు, Tc అంటే చల్లని వైపు ఉష్ణోగ్రత, ΔT అంటే రెండు వైపుల తేడా. α ప్లేటు వేడిని లాగే గుణకం, R దాని రెసిస్టెన్సు, K వేడి వెనక్కి కారే గుణకం. ఉష్ణోగ్రతను కెల్విన్లలో పెట్టాలి. మార్కెట్లో ఎక్కువగా దొరికే TEC1-12706 ప్లేటుకు తయారీదారు పట్టిక నుంచి లెక్క కడితే, వేడి వైపు 50 డిగ్రీల దగ్గర α డిగ్రీకి సుమారు 0.051 వోల్టులు, R సుమారు 2 ఓములు, K డిగ్రీకి సుమారు 0.54 వాట్లు వస్తాయి.

ఇక పెట్టె విషయం. బయట కొలత అన్ని వైపులా 30 సెంటీమీటర్లు, గోడ మందం 25 మిల్లీమీటర్లు. బయట 36, లోపల 20 డిగ్రీలుంటే గోడల గుండా 11, 12 వాట్ల వేడి లోపలికి వస్తుంది. మూత తీయడం, లోపలి చిన్న ఫ్యాను, చల్లని రేకు మీద పట్టే చెమ్మ కలిపి 14 వాట్లు అనుకుందాం. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమ్మను లెక్కలో వదిలేయకూడదు. ప్లేటు అంచుల చుట్టూ సిలికాన్ పూయకపోతే ఆ నీరే లోపలికి చేరి ప్లేటును తినేస్తుంది. చల్లని వైపును 15 డిగ్రీల్లో, అంటే 288 కెల్విన్ల దగ్గర నిలుపుదాం. వేడి వైపుకు ఆనించి, ఆ వేడిని గాలిలోకి వదిలే హీట్ సింకు బయట ఫ్యానుతో వాటుకు 0.3 డిగ్రీ చొప్పున వేడెక్కుతుందనుకుందాం. కంప్యూటరు ప్రాసెసర్‌కు పెట్టే మంచి సింకు అలాగే ఉంటుంది.

లెక్కలో ఒక మెలిక ఉంది. వేడి వైపు ఎంత వేడెక్కుతుందో తెలియకుండా ΔT తెలియదు, ΔT తెలియకుండా Qh తెలియదు, Qh తెలియకుండా వేడి వైపు సంగతి తెలియదు. అందుకే ΔT ఒకటి ఊహించి, Qh కట్టి, సింకు ఎంత పెరుగుతుందో చూసి, మళ్లీ సరిచేసుకోవాలి. రెండు మూడు సార్లలో కుదురుకుంటుంది.

రెండో పద్ధతిని పూర్తిగా చేసి చూపిస్తాను. కరెంటు 2.5 ఆంపియర్లు, ΔT 30 అనుకుందాం. లాగే వేడి 0.051 × 2.5 × 288, అంటే 36.7 వాట్లు. చల్లని వైపుకు వచ్చే జౌల్ వేడి ½ × 6.25 × 2, అంటే 6.25. వెనక్కి కారేది 0.54 × 30, అంటే 16.2. మిగిలేది 14.3 వాట్లు. ప్లేటు తినేది 2.5 × (0.051 × 30 + 5), అంటే 16.3 వాట్లు. బయటికి పోవాల్సింది 30.6 వాట్లు. సింకు 0.3 × 30.6, అంటే 9.2 డిగ్రీలు పెరిగి 45.2 దగ్గర నిలుస్తుంది. అంటే ΔT 30.2. ఊహ సరిపోయింది, లెక్క ముగిసింది. ప్లేటు మీద వోల్టేజీ 6.5 మాత్రమే.

అదే ప్లేటును బ్యాటరీకి నేరుగా కలిపితే కరెంటు 4.85 ఆంపియర్ల దగ్గర కుదురుకుంటుంది. పెట్టెలోంచి తీసేది 23 వాట్లు, తినేది 58. సింకు మీద పడేది 81 వాట్లు, వేడి వైపు 60 డిగ్రీలు. కరెంటు దాదాపు రెట్టింపైతే చల్లదనం 9 వాట్లు పెరిగింది, ఖర్చు 42 వాట్లు పెరిగింది. మిగులు చల్లదనాన్ని థర్మోస్టాట్ ఆపేస్తుందిలే అనుకుంటే అసలు నష్టం అక్కడే ఉంది. ఆపిన క్షణం నుంచి ప్లేటు వెనక్కి కారే దారిగా మారుతుంది. సింకు బయటి గాలి వేడికి దిగినా 0.54 × 16, అంటే 8.6 వాట్లు పెట్టెలోకి వస్తూనే ఉంటాయి. ఆ నష్టాన్ని కూడా పూడ్చుకుంటూ సగటున 14 వాట్లు తీయాలంటే ప్లేటు 72 శాతం సేపు నడవాలి. సగటు ఖర్చు 42 వాట్లు. బక్ కన్వర్టర్‌లో పదో వంతు పోయినా రెండో పద్ధతికి 18 వాట్లే.

బ్యాటరీ లెక్కన చూస్తే, 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగమే వాడుకుందామనుకుంటే 240 వాట్ అవర్లు చేతిలో ఉంటాయి. ఫ్యానుకు 3 వాట్లు కలిపితే మొదటి పద్ధతి అయిదున్నర గంటలు కూడా నడవదు, రెండోది పదకొండు గంటలు దాటుతుంది. ఒక రాత్రి గడవడానికీ గడవకపోవడానికీ ఉన్న తేడా ఇది.

రెండు ప్లేట్ల సంగతి ఆసక్తిగా ఉంటుంది. ప్లేటుకు 6 వోల్టులు, కరెంటు 2.14 ఆంపియర్లు, రెండూ కలిసి 17 వాట్లు తీస్తాయి, 26 వాట్లు తింటాయి. మొదటి పద్ధతి కంటే ఎంతో నయం. "ప్లేట్లు ఎన్ని ఎక్కువైతే అంత పొదుపు" అనే మాట తరచూ వినిపిస్తుంది గానీ, ఇంత చిన్న పెట్టెకు అది నిజం కాదు. ప్లేట్లు రెండైతే వెనక్కి కారే దారులూ రెండవుతాయి. రెండింటికీ సమానంగా కరెంటు తగ్గించి సరిగ్గా 14 వాట్లకు దింపినా దాదాపు 20 వాట్లు తింటాయి, ఒక్క ప్లేటు 16తో చేసే పని అది. అదే 21.5 వాట్ల చల్లదనం కావాలంటే ఒక్క ప్లేటు 4 ఆంపియర్లకు వెళ్లి 40 వాట్లు తింటుంది. రెండు ప్లేట్లయితే 38 వాట్లలో సరిపెడతాయి. అంటే రెండు ప్లేట్లు నెగ్గేది పెద్ద పెట్టెలోనే.

అందుకని ఈ పెట్టెకు నా ఎంపిక ఒక ప్లేటు, బక్ కన్వర్టర్, 2.5 ఆంపియర్లు. ఎండ 42కి పోయిన రోజు కరెంటు కాస్త పెంచుకునే వీలూ ఉంటుంది. కన్వర్టర్ దొరక్కపోతే రెండు ప్లేట్లు సిరీస్‌లో పెట్టుకోవచ్చు. థర్మోస్టాట్‌తో నడిపినా సగటున 23, 24 వాట్లే అవుతుంది. అయితే రెండింటి మందం ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి. వెంట్రుక మందం తేడా ఉన్నా ఒకటి సింకుకు ఆనదు, ఆ ప్లేటు తన జౌల్ వేడిలో తానే ఉడుకుతుంది. నేరుగా 12 వోల్టులు ఇవ్వమని మాత్రం ఎవరికీ చెప్పను.

కన్వర్టర్ కొనేటప్పుడు ఒకటి గమనించాలి. మోటారు స్పీడ్ కంట్రోలర్ పేరుతో అమ్మే చవక బోర్డులు కరెంటును తగ్గించవు, వేగంగా ఆన్, ఆఫ్ చేస్తాయంతే. 5 ఆంపియర్లు సగం సేపు పారినా సగటు 2.5 ఆంపియర్లే, లాగే వేడీ అంతే. జౌల్ వేడి మాత్రం 12.5 వాట్లకు బదులు 25 వాట్లు. కాయిల్ ఉన్న బక్ కన్వర్టర్ తీసుకోవాలి.

సింకు పాడైతే ఏమవుతుందో కూడా చూడాలి. పల్లె దుమ్ము, ఊక, సాలెగూళ్లు పట్టి ఫ్యాను నీరసిస్తే 0.3 కాస్తా 0.6 అవుతుంది. అప్పుడు 5 ఆంపియర్ల దగ్గర వేడి వైపు 83 డిగ్రీలకు చేరి, చల్లదనం 11.5 వాట్లకు పడిపోతుంది, ఖర్చు 67 వాట్లు. 2.5 ఆంపియర్ల దగ్గర చల్లదనం 10 వాట్లు, ఖర్చు 17. యాభై వాట్లు అదనంగా తగలేసి సంపాదించింది వాటున్నర కూడా కాదు. పెట్టె చల్లబడటం లేదని ఆ 5 ఆంపియర్ల మీద కరెంటు ఇంకా పెంచితే చల్లదనం తిరుగుముఖం పడుతుంది. కరెంటు కొంచెం తగ్గించినా లోపలి థర్మామీటరు కదలకపోతే, లేదా ఇంకా దిగితే, శిఖరం దాటిపోయామని అర్థం.

దీన్ని విప్పకుండానే పట్టుకునే ఉపాయం ఒకటుంది. నడుస్తున్న ప్లేటుకు సప్లై వైరు ఒకటి తీసి, వెంటనే మల్టీమీటరును ప్లేటు తీగల మీద పెట్టాలి. రెండు వైపుల తేడా వల్ల ప్లేటే కాసేపు చిన్న బ్యాటరీలా వోల్టేజీ ఇస్తుంది. ఆ అంకెను 0.051తో భాగిస్తే ΔT వస్తుంది. మన పెట్టెకు 2.5 ఆంపియర్ల దగ్గర 1.5 వోల్టులు కనిపించాలి. 1.9 చూపిస్తే ΔT 37 దాటింది, సింకు దులపాలి. సింకు శుభ్రంగా, గోరువెచ్చగా ఉండి కూడా 1.9 చూపిస్తే ప్లేటుకూ రేకులకూ మధ్య థర్మల్ పేస్టు ఎండిపోయిందో, మరలు వదులయ్యాయో చూడాలి. మీటరు ఆలస్యం చేస్తే అంకె సెకన్లలోనే పడిపోతుంది కాబట్టి ప్రోబులు ముందే తీగలకు క్లిప్పు పెట్టి ఉంచి, ఆ తర్వాత వైరు తీయండి.